గుండె చెంబులా ఉబ్బినప్పుడు

1983లో జపాన్‌లోని హిరోషిమా నగర ఆసుపత్రికి 64 ఏళ్ల మహిళ ఒకరు ఛాతీ నొప్పితో వచ్చారు. ఈసీజీ చూస్తే గుండెపోటే. అందులో డాక్టర్లకు అనుమానం రాలేదు. కానీ గుండెకు రక్తం తెచ్చే నాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తే, పూడిక ఎక్కడా కనిపించలేదు. నాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు అదే రంగు మందును గుండె ఎడమ జఠరికలోకి వదిలి, అది ఎలా ముడుచుకుంటోందో చూశారు. తెర మీద కనిపించిన ఆకారం వాళ్లెప్పుడూ చూడనిది. గుండె పైభాగం గట్టిగా బిగుసుకుని సన్నని మెడలా అయింది. కిందిభాగం, అంటే మొన వైపు సగం, కదలిక లేకుండా గుండ్రంగా ఉబ్బి ఉంది. ఇంకా ఆశ్చర్యమేమిటంటే, రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఆ ఉబ్బు లేదు. గుండె మామూలుగా కొట్టుకుంటోంది.

హికారు సాతో అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇలాంటివి మరికొన్ని చూశాక 1990లో దానికి ఒక పేరు పెట్టారు: టకోట్సుబో. జపాన్ జాలర్లు ఆక్టోపస్‌లను పట్టడానికి సముద్రంలోకి దించే మట్టికుండ పేరది. సన్నని మెడ, గుండ్రని అడుగు. తలదాచుకోవడానికి రాళ్ల మధ్య బొరియ దొరికిందనుకుని ఆక్టోపస్ అందులోకి దూరుతుంది, జాలరి తాడు పట్టుకుని పైకి లాగుతాడు. మన ఇళ్లలో పోలిక కావాలంటే నీళ్ల చెంబును తలకిందులు చేయకుండా అలాగే చూస్తే చాలు. మెడ దగ్గర నొక్కినట్టు, కింద పొట్ట ఉబ్బినట్టు.

మరుసటి ఏడాది అయిదుగురు రోగుల వివరాలతో జపాన్ భాషలో ఒక వ్యాసం వచ్చింది. మిగతా ప్రపంచం దాన్ని పట్టించుకోవడానికి పదేళ్లకు పైగా పట్టింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 2005లో 19 మంది రోగుల కథ ప్రచురించాక గానీ పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు పేరు నలుగురి నోటా పడలేదు. పత్రికలు దానికి 'బ్రోకెన్ హార్ట్ సిండ్రోమ్' అని ముద్దుపేరు పెట్టేశాయి. ఆ పేరు చేసిన మేలు కంటే కీడే ఎక్కువేమో. పేరు వినగానే ఇదేదో సినిమా కష్టం, నాలుగు రోజులు ఏడిస్తే తీరిపోయేది అనిపిస్తుంది. మన భాషలోనూ దుఃఖంతో గుండె చెరువైందంటాం, భయంతో గుండె జారిందంటాం. ఇక్కడ మాత్రం మాటవరస కాదు. గుండె కండరం నిజంగానే పనిచేయడం ఆపేస్తుంది, ఆ కాసేపట్లో మనిషి చనిపోవచ్చు కూడా.

చివరి భూములు ఎండిపోతే

గుండెపోటుకీ దీనికీ తేడా పట్టుకోవాలంటే కాలవలు, ఆయకట్టు గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. గుండె కండరానికి నీళ్లు పారించే పెద్ద కాలవలు మూడు. ఒక కాలవకు అడ్డం పడితే దాని కింద ఉన్న పొలమే ఎండుతుంది, పక్క కాలవ కింది పొలం పచ్చగానే ఉంటుంది. గుండెపోటు ఇలా ఉంటుంది. నాళంలో పేరుకున్న కొవ్వు చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, ఆ నాళం కింది కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఎకో తీసిన డాక్టరు ఏ గోడ కదలడం లేదో చూసి, ఏ నాళం మూసుకుపోయి ఉంటుందో చెప్పగలరు.

టకోట్సుబోలో మూడు కాలవల్లోనూ నీళ్లు నిండుగా పారుతుంటాయి. అయినా మూడింటి చివరి భూములు ఒకేసారి ఎండిపోతాయి. కదలిక లేని ప్రాంతం ఏ ఒక్క నాళం ఆయకట్టుకూ సరిపోదు, దాన్ని దాటి చుట్టూ పట్టీలా అల్లుకుని ఉంటుంది. యాంజియోగ్రామ్ బల్ల మీద డాక్టరుకు మొదటి అనుమానం కలిగించేది ఇదే.

ఇలా ఎందుకవుతుంది? అందరి వేళ్లూ ఎడ్రినలిన్, దాని తోబుట్టువు నారెడ్రినలిన్ వైపే చూపిస్తున్నాయి. ఇవి భయం వేసినప్పుడు, కోపం వచ్చినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు శరీరం రక్తంలోకి వదిలే రసాయనాలు. జాన్స్ హాప్కిన్స్ వైద్యులు తమ రోగుల రక్తంలో వీటిని కొలిచారు. పెద్ద గుండెపోటు వచ్చి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినవాళ్ల కంటే ఇవి రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. మామూలు మనిషితో పోలిస్తే ఒక్కో రసాయనం ఏడు రెట్ల నుంచి ముప్పై నాలుగు రెట్ల దాకా పెరిగింది.

మామూలు మోతాదులో ఎడ్రినలిన్ గుండెను పరుగులు తీయిస్తుంది. బస్సు అందుకోవడానికి పరుగెత్తినప్పుడు జరిగేది అదే. మోతాదు హద్దు దాటితే కథ తిరగబడుతుందని లండన్ పరిశోధకులు జంతువుల గుండెల మీద చూపించారు. గుండె కణం మీద ఎడ్రినలిన్‌ను అందుకునే తలుపుల్లాంటివి ఉంటాయి. వాటిలో ఒక రకం గుండె మొన దగ్గర ఎక్కువ, పైభాగంలో తక్కువ. ఎడ్రినలిన్ వరదలా వచ్చినప్పుడు ఈ తలుపులు లోపలికి పంపే సందేశాన్ని మార్చేస్తాయి. 'గట్టిగా కొట్టుకో' అనే మాట కాస్తా 'ఆగు' అయిపోతుంది. పైభాగానికి మాత్రం మొదటి మాటే అందుతుంది కాబట్టి అది మరింత బిగిసి కొట్టుకుంటుంది. చెంబు ఆకారం ఇలా వస్తుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. కణాలు అంత వరదలో కొట్టుకుపోయి చావకుండా తమను తాము ఆపుకుంటున్నాయని, ఇది ఒక రకంగా ప్రాణరక్షణ అని కూడా వాళ్లంటారు. కండరం చావలేదు, మొద్దుబారింది. అందుకే మళ్లీ లేవగలుగుతుంది.

ఈ వివరణతో అన్నీ తేలిపోలేదు. పదిమందిలో ఇద్దరికి మొన కాకుండా నడుమో, పైభాగమో ఉబ్బుతుంది. సన్నని రక్తనాళాలు బిగుసుకుపోవడం కూడా కారణమనే వాదన ఇంకా బతికే ఉంది.

ఒకే ఊరు, రెండు భూకంపాలు

న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని ఆరు నెలల తేడాలో రెండు పెద్ద భూకంపాలు కుదిపాయి. మొదటిది 2010 సెప్టెంబరు 4న తెల్లవారుజామున 4 గంటల 35 నిమిషాలకు వచ్చింది. తీవ్రత 7.1. జనం ఇళ్లలో నిద్రపోతున్నారు, నగరం నడిబొడ్డు ఖాళీగా ఉంది, ప్రాణనష్టం దాదాపు లేదు. రెండోది 2011 ఫిబ్రవరి 22న మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకు. తీవ్రత తక్కువే గానీ నగరానికి మరీ దగ్గరగా, జనం వీధుల్లో, ఆఫీసుల్లో ఉన్న వేళ వచ్చింది. 185 మంది చనిపోయారు.

ఆ ఊరి ఆసుపత్రి వైద్యులు రెండు సందర్భాల్లోనూ వచ్చిన గుండె రోగుల లెక్క తీసి పోల్చారు. సెప్టెంబరు తర్వాత అసలు గుండెపోట్లు బాగా పెరిగాయి, టకోట్సుబో కొంచెమే పెరిగింది. ఫిబ్రవరి తర్వాత వరస మారింది. నాలుగు రోజుల్లో 21 మంది టకోట్సుబోతో చేరారు. అందరూ ముట్లుడిగిన వయసు మహిళలే. మామూలు రోజుల్లో అంతటి ఆసుపత్రికి అన్ని కేసులు రావడానికి నెలలు పడుతుంది.

ఈ పోలిక ఎందుకు విలువైనదంటే, ఊరు ఒకటే, ఆసుపత్రి ఒకటే, డాక్టర్లూ వాళ్లే. మారింది వేళ, కళ్లారా చూసిన చావు. తెల్లవారుజాము గుండెపోటుకు ఎటూ చెడ్డ సమయమని డాక్టర్లకు ముందే తెలుసు. పట్టపగలు భవనాలు కూలడం, పిల్లలు బళ్లో ఉన్నారో లేరో తెలియకపోవడం, గంటల తరబడి ఫోన్లు కలవకపోవడం మరో రకం గుండెల మీద పడ్డాయి. అంతకుముందు 2004 అక్టోబరులో జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు కూడా అక్కడి వైద్యులు టకోట్సుబో కేసులు ఒక్కసారిగా పెరగడం చూశారు.

భూకంపాల వల్ల ఒక అపోహ కూడా బలపడింది. ఏదో ఘోరం జరిగితేనే ఈ జబ్బు వస్తుందనుకుంటారు. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ వైద్యులు ఐరోపా, అమెరికాల్లోని 26 కేంద్రాల నుంచి 1750 మంది రోగుల వివరాలు పోగుచేసి 2015లో ప్రచురించారు. అందులో వందకు 36 మందికి కారణం మనసుది కాదు, శరీరానిది. తీవ్రమైన ఆయాసం, ఆపరేషన్, ఎముక విరగడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్, మెదడులో రక్తస్రావం, మూర్ఛ లాంటివి. మానసిక కారణం ఉన్నవాళ్లు వందకు 28 మంది. ఏ కారణమూ దొరకనివాళ్లు కూడా దాదాపు అంతేమంది. మిగిలిన కొద్దిమందికి రెండూ కలిశాయి. అంటే 'ఏమైనా బాధపడ్డారా?' అని అడిగి, లేదంటే ఇది కాదులే అనుకోవడం తప్పు.

బాధే కానక్కర్లేదు కూడా. అదే పట్టికలో మానసిక కారణం స్పష్టంగా ఉన్న 485 మందిని విడిగా చూస్తే, అందులో 20 మందికి జబ్బు తెచ్చింది సంతోషం. కొడుకు పెళ్లి, పుట్టినరోజు వేడుక, యాభై ఏళ్ల తర్వాత కలిసిన పాత స్నేహితులు, అమ్మమ్మో నానమ్మో కావడం, అభిమాన జట్టు గెలవడం. జాన్స్ హాప్కిన్స్ రోగుల్లో ఒకరికి ఇంట్లోవాళ్లు చెప్పకుండా చేసిన సర్‌ప్రైజ్ పార్టీయే ముంచుకొచ్చింది. ఒకరికి సభలో మాట్లాడాలనే భయం, ఇంకొకరికి కోర్టు వాయిదా. ఎడ్రినలిన్‌కు మంచి కబురు, చెడ్డ కబురు తేడా తెలియదు.

కొన్నిసార్లు ఆ ఎడ్రినలిన్‌ను ఎక్కించేది డాక్టరే. పెద్ద ఎలర్జీ వచ్చి ప్రాణం మీదికి తెచ్చినప్పుడు ఇచ్చే ఎడ్రినలిన్ సూది తర్వాత, ఆయాసానికి పెద్ద మోతాదుల్లో వాడిన మందుల తర్వాత కూడా టకోట్సుబో వచ్చిన రోగులున్నారు. అలాగని ఆ సూది మానకూడదు. ఎలర్జీలో ప్రాణం నిలిపేది అదే.

1750 మందిలో పదింట తొమ్మిది వంతులు మహిళలు, సగటు వయసు 67కి దగ్గర. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల ఎడ్రినలిన్ దెబ్బకు అడ్డు తగ్గిపోతుందని ఊహ. మగవాళ్లకు వస్తే ఎక్కువగా శారీరక కారణంతోనే వస్తుంది. అసలు జబ్బు కూడా పెద్దదే కాబట్టి, వాళ్లలో మరణాలూ ఎక్కువే.

ఒక రాత్రి, ఒక పెద్దావిడ

ఇది డాక్టర్ల ముందు ఎలా నడుస్తుందో చూడటానికి ఒక నమూనా తీసుకుందాం. మనిషి కల్పితం, నడక మాత్రం ఈ జబ్బుది.

మండల కేంద్రంలో ఉండే 66 ఏళ్ల ఆవిడ. రాత్రి ఏడింటికి ఫోను వచ్చింది, కొడుకు బండికి యాక్సిడెంట్ అయిందని. అతనికి పెద్ద దెబ్బలేం తగల్లేదని పావుగంటలో ఇంకో ఫోను వచ్చింది కానీ అప్పటికే ఆవిడ ఛాతీ పట్టేసింది, చెమటలు, ఆయాసం. ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు. సోడా తాగించారు. 'కంగారు పడ్డావత్తా, కాసేపు పడుకో' అంది కోడలు. తొమ్మిదిన్నరకు గానీ ఊళ్లో ఆసుపత్రికి చేరలేదు.

ఈసీజీలో గుండె ముందుగోడకు సంబంధించిన గీతలు పైకి లేచి ఉన్నాయి. రక్తంలో ట్రోపోనిన్, అంటే గుండె కండరం దెబ్బతింటే బయటపడే పదార్థం, పెరిగి ఉంది. ఈ రెండూ గుండెపోటులోనూ ఉంటాయి, టకోట్సుబోలోనూ ఉంటాయి. కొడుకు సంగతి విని డాక్టరు 'ఇది దిగులుదే' అని పంపించేయలేరు, ఎందుకంటే ఆ కంగారే అసలు గుండెపోటును కూడా తేగలదు. గుమ్మం దగ్గర రెండింటికీ తేడా చెప్పగల పరీక్ష లేదు. నియమం ఒకటే. కాదని తేలేదాకా అది గుండెపోటే.

యాంజియోగ్రామ్ సౌకర్యం ఉన్న ఆసుపత్రి మూడు గంటల దూరం. రెండు గంటల్లోపు అక్కడికి చేర్చలేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలన్నది గుండెపోటు వైద్యంలో పద్ధతి. మన చిన్న పట్టణాల్లో ఎన్నో ప్రాణాలు నిలిపింది ఆ ఇంజెక్షనే. టకోట్సుబోలో కరిగించాల్సిన గడ్డే లేదు, రక్తస్రావం ముప్పు మాత్రం మిగులుతుంది. అందుకే డాక్టరు సూది చేతపట్టే ముందు అడిగే ప్రశ్నలు ఇక్కడ మరీ ముఖ్యం. ముందు భరించలేని తలనొప్పి వచ్చిందా? వాంతి అయిందా? స్పృహ తప్పిందా? మెడ పట్టేసిందా? మెదడులో నాళం చిట్లడం వల్ల టకోట్సుబో వచ్చిన రోగికి, ఈసీజీ మాత్రమే చూసి ఆ ఇంజెక్షన్ ఇస్తే చేతులారా చంపినట్టే. అనుమానముంటే ముందు తలకు సీటీ తీయాలి. ఈవిడకు తలనొప్పి లేదు, ఇంజెక్షన్ ఇచ్చారు, అంబులెన్స్ ఎక్కించారు. ఆ డాక్టరు చేసింది సరైన పనే. తర్వాత తేలబోయే సంగతి ఆయనకు అప్పుడు తెలిసే వీల్లేదు.

తెల్లవారుజామున పెద్దాసుపత్రిలో యాంజియోగ్రామ్. నాళాలు తెరిచే ఉన్నాయి. ఒకచోట వయసుతో వచ్చిన చిన్న సన్నదనం, దానికి స్టెంట్ అక్కర్లేదు. ఇక్కడ ఆగిపోతే 'ఇంజెక్షన్‌తో గడ్డ కరిగిపోయింది' అని రాసి, జీవితాంతం గుండెపోటు రోగిగా ఆవిడను ఇంటికి పంపేవాళ్లు. డాక్టరు ఇంకో పది నిమిషాలు వెచ్చించి జఠరికలోకి రంగు వదిలారు. తెర మీద చెంబు కనిపించింది. పంపింగ్ 30 శాతం. మామూలుగా 55 శాతానికి పైన ఉండాలి. ఇంత పెద్ద భాగం ఆగిపోయినా ట్రోపోనిన్ పెరిగింది కొద్దిగానే. అదే గుండెపోటు వల్ల ఇంత భాగం పోతే అది చాలా రెట్లు ఎక్కి ఉండేది. కండరం చావలేదనడానికి ఈ పొంతన లేకపోవడమే పెద్ద ఆధారం. ఇంకా సందేహముంటే ఎమ్మారై తీస్తారు. గుండెపోటు మచ్చ వదులుతుంది, గుండె కండరానికి వచ్చే వాపు జబ్బు వేరే రకం మచ్చ వదులుతుంది, టకోట్సుబో సాధారణంగా మచ్చే వదలదు.

ఆ ఉదయం ఆవిడ బీపీ 85కి పడిపోయింది. ఇక్కడే ఈ జబ్బు తెలియని చేతులు తప్పు చేసేది. గుండె బలహీనమై బీపీ పడితే, దాన్ని గట్టిగా కొట్టించే డోబుటమైన్ లాంటి మందు ఎక్కించడం అలవాటు. ఆ మందు ఎడ్రినలిన్ చుట్టమే. చెంబు ఆకారం మళ్లీ గుర్తు చేసుకోండి. మెడ భాగం ఇప్పటికే విపరీతంగా బిగుసుకుంటోంది. పదిమందిలో ఒకరిద్దరికి ఆ బిగువు ఎంతవరకు పోతుందంటే, రక్తం బయటికి వెళ్లే దారి సన్నబడి, పక్కనున్న కవాటం రెక్క కూడా ఆ దారిలోకి లాక్కుపోబడి అడ్డం పడుతుంది. అలాంటప్పుడు డోబుటమైన్ ఇస్తే మెడ ఇంకా బిగుస్తుంది, బీపీ ఇంకా పడుతుంది. మందు పెంచేకొద్దీ మనిషి దిగజారిపోతారు. అది చూసి మళ్లీ మందు పెంచుతారు.

స్టెతస్కోపు పెట్టిన డాక్టరుకు రాత్రి లేని గరగర శబ్దం వినిపించింది. వెంటనే ఎకో తీస్తే అడ్డంకి కనిపించింది. డోబుటమైన్ వద్దన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు లేదని చూసుకుని నెమ్మదిగా సెలైన్ ఎక్కించి, గుండె వేగాన్ని తగ్గించే మందు కొద్ది మోతాదులో ఇచ్చారు. బీపీ పడిపోయిన మనిషికి గుండెను నెమ్మదింపజేసే మందు ఇవ్వడం చూసేవాళ్లకు తలకిందులు వ్యవహారంలా ఉంటుంది. కానీ మెడ వదులైతేనే రక్తం బయటికి వస్తుంది. సాయంత్రానికి బీపీ 110కి చేరింది.

మూడో రోజు ఈసీజీ మరో రూపు ఎత్తింది. పైకి లేచిన గీతలు దిగి, లోతుగా తలకిందులయ్యాయి. ఒక్కో కొట్టుకోవడం తర్వాత గుండె విద్యుత్తు మళ్లీ సర్దుకునే వ్యవధి బాగా సాగింది. ఆ సాగుదలలో గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదముంది. అప్పుడు పొటాషియం తగ్గకుండా చూడాలి, ఆ వ్యవధిని ఇంకా పెంచే మందులు ఆపాలి. అవేమంత అరుదైన మందులు కావు. జలుబు దగ్గుకు వాడే అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇక కదలకుండా ఉన్న మొనలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు, అది కదిలి మెదడుకు పోతే పక్షవాతం. ఈవిడకు గడ్డ కనిపించలేదు. కనిపించి ఉంటే కొన్ని నెలలపాటు రక్తం పల్చబరిచే మందు వేసేవాళ్లు.

ఆరో రోజు ఇంటికి పంపేటప్పుడు పంపింగ్ 42. ఆరో వారం ఎకోలో 60.

మళ్లీ లేచిన గుండె

ఎక్కువమందికి ఇలాగే జరుగుతుంది. కొందరికి రోజుల్లోనే, ఎక్కువమందికి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పంపింగ్ మామూలు స్థాయికి వస్తుంది. ఈసీజీ సర్దుకోవడానికి మాత్రం కొన్ని నెలలు కూడా పట్టవచ్చు. అసలు పంపింగ్ తిరిగి రావడం రోగనిర్ధారణలోనే భాగం. రెండు మూడు నెలలైనా మొన కదలకపోతే, అది టకోట్సుబో కాదేమో, కరిగిపోయిన గడ్డో, నాళం గోడ లోపల చీలడమో తప్పించుకుపోయిందేమో అని మళ్లీ వెతకాలి.

ఇంత చక్కగా లేస్తుంది కాబట్టి తేలిక జబ్బు అన్న మాట చాలాకాలం పాఠ్యపుస్తకాల్లోనూ వినిపించింది. జూరిక్ లెక్క ఆ మాటను పక్కన పెట్టించింది. ఆసుపత్రిలో ఉండగానే వందకు నలుగురు చనిపోయారు. అయిదుగురిలో ఒకరికి పైగా పెద్ద చిక్కులు ఎదురయ్యాయి. అదే వయసు, అదే లింగం గుండెపోటు రోగులతో పోలిస్తే ఆసుపత్రి రోజుల్లోని ప్రమాదం దాదాపు సమానం. తేడా అల్లా, ఆ మొదటి రోజులు గడిచాక మిగిలే గుండెలో ఉంది. ఒకరికి మచ్చ, ఇంకొకరికి కోలుకున్న కండరం.

పూర్తిగా కోలుకున్నట్టేనా అన్నదాని మీద కూడా స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వైద్యులు 2018లో ఒక కిటుకు బయటపెట్టారు. ఏడాది దాటిన రోగులను వ్యాయామం చేయించి, సూక్ష్మంగా కొలిస్తే, పంపింగ్ శాతం బాగానే ఉన్నా గుండె కదలికలో, శక్తి వినియోగంలో లోపం మిగిలే ఉంది. మెట్లెక్కితే ఆయాసం, తొందరగా అలసట. 'రిపోర్టు నార్మల్, ఇంకా ఏమిటమ్మా నీ బాధ' అనిపించుకున్న ఎందరో మహిళల ఫిర్యాదు నిజమేనని దాంతో తేలింది.

మళ్లీ రాకుండా ఆపుతుందని తేలిన మందు ఇప్పటికి లేదు. ఎడ్రినలిన్ కారణం కాబట్టి దాన్ని అడ్డుకునే బీటా బ్లాకర్లు పనిచేయాలి కదా అని అందరికీ తోస్తుంది. కానీ ఆ మాత్రలు వేసుకుంటూండగానే మొదటిసారో, రెండోసారో ఈ జబ్బు వచ్చినవాళ్లు ఎందరో. జూరిక్ పట్టికలో ఏడాది తర్వాత బతికి ఉండటంతో ముడిపడింది బీపీకి, గుండెకు వాడే మరో తరగతి మందులు మాత్రమే, అదీ రోగులను వరుసగా గమనించిన లెక్కే తప్ప సగం మందికి ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా చేసిన పరీక్ష కాదు. తిరిగి రావడం ఏడాదికి వందమందిలో ఇద్దరికి లోపే. రెండోసారి వచ్చినప్పుడు ఉబ్బే చోటు మారవచ్చు, కారణమూ మారవచ్చు.

ఒకసారి ఈ జబ్బు చేసినవాళ్లు రెండు కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి. ఒకటి డిశ్చార్జ్ సమ్మరీ, ఇంకొకటి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత తీయించుకున్న ఎకో రిపోర్టు. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టరుకు ముందే వాటిని చూపించాలి. మళ్లీ ఛాతీ పట్టేసినట్టుంటే మాత్రం 'పోయినసారి లాంటిదేలే' అని ఇంట్లో కూర్చోకూడదు, ఎందుకంటే ఈసారిది అసలు గుండెపోటు కాదని ఇంట్లో ఎవరూ చెప్పలేరు. చావింట్లో ఉన్నా, పెళ్లింట్లో ఉన్నా, ఛాతీ నొప్పి పావుగంటకు మించితే 108కి ఫోన్ చేయండి, సోడా కోసం ఎవరినీ పంపకండి.